ప్లాన్ వేశాక వచ్చిందల్లా సెకండరీ రిస్కేనా? అపోహలు - వాస్తవాలు

వారమంతా సైట్లలో ప్లానింగ్ నా పని. ఆదివారం నల్గొండలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ అయిన పీఎంపీ పరీక్షకు చదివే సివిల్ ఇంజనీర్లతో కూర్చుంటాను. మాక్ టెస్టుల్లో వాళ్లకు మార్కులు పోయేది ఎక్కువగా మూడు మాటల దగ్గర: రెసిడ్యువల్ రిస్క్, సెకండరీ రిస్క్, ట్రిగ్గర్. నిర్వచనాలు అడిగితే గడగడా చెప్తారు. కానీ ప్రశ్నలో ఆ మాటలు ఉండవు, ఒక సంఘటన ఉంటుంది. దానికి పేరు మనమే పెట్టాలి. అందుకే మన దగ్గర అందరికీ తెలిసిన బండతోనే మొదలుపెడతాను.

నల్గొండ శివార్లలో ఒక వడ్ల గోదాం కడుతున్నామనుకోండి. 40 ఫుటింగ్ గుంతలు తవ్వాలి, రోజుకు రెండు చొప్పున 20 రోజుల పని. ముందుగా ఆరు చోట్ల ట్రయల్ గుంతలు తీస్తే మూడింట్లో మీటరు లోతులోనే గ్రానైట్ బండ తగిలింది. బ్రేకర్‌తో కొడితే రోజుకు ఒక గుంత కంటే ఎక్కువ కాదు, అంటే ఇంకో 20 రోజులు ఆలస్యం. అట్లా జరిగే అవకాశం 60 శాతం అనుకున్నాం. మనుషులు, మిషన్లు ఖాళీగా ఉంటే రోజుకు 15,000 రూపాయల నష్టం. దీనికి మనం ఎంచుకున్న మార్గం, అంటే మన రెస్పాన్స్, లైసెన్సు ఉన్నవాళ్లతో కంట్రోల్డ్ బ్లాస్టింగ్. ఖర్చు 60,000.

అపోహ: రెస్పాన్స్ ప్లాన్ తర్వాత బయటపడిన ప్రతి రిస్క్ సెకండరీ రిస్కే.

అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. మొన్న ఒక తమ్ముడు అడిగాడు: "సార్, బ్లాస్టింగ్ ప్లాన్ చేసినంక వాన రిస్క్ రిజిస్టర్‌లో ఎక్కింది కదా. తర్వాత వచ్చింది కాబట్టి సెకండరీ అని పెట్టిన. ఎందుకు తప్పయింది?"

వాస్తవం: ఎప్పుడు బయటపడింది అన్నది కాదు, దేని వల్ల పుట్టింది అన్నది చూడాలి. మన రెస్పాన్స్ వల్ల నేరుగా పుట్టినదే సెకండరీ. నేను వాళ్లకు ఒక్క ప్రశ్న వేసుకోమంటాను: ఆ రెస్పాన్స్ మనం చేయకపోతే ఈ రిస్క్ ఉండేదా? బ్లాస్టింగ్ చేసినా చేయకపోయినా జూన్‌లో వాన పడుతుంది, గుంతల్లో నీళ్లు నిలుస్తాయి. కాబట్టి వాన ఆలస్యంగా గుర్తించిన మామూలు రిస్క్, అంతే. పక్క ఇళ్ల గోడలు పగిలి, ఇంటివాళ్లు పని ఆపించే రిస్క్ సంగతి వేరు. బ్లాస్టింగ్ లేకపోతే ఆ మాటే రాదు. అది సెకండరీ.

ఇదే పరీక్షను రెసిడ్యువల్‌కు పెట్టి చూడండి. ఆరు ట్రయల్ గుంతలు చూశాం కానీ వాటి మధ్యలో బండ ఎక్కడ పైకి లేచిందో పూర్తిగా తెలియదు. బ్లాస్టింగ్ అయ్యాక కూడా కొన్ని గుంతల్లో బండ మిగిలి ఆరు రోజులు ఆలస్యం కావచ్చు. ఈ రిస్క్ కొత్తగా పుట్టలేదు. మొదటి రిస్కే సన్నబడి మిగిలింది, అదే రెసిడ్యువల్. ప్రశ్నలో పాత కారణం, పాత నష్టమే ఇంకా కొంత కనిపిస్తే రెసిడ్యువల్ వైపు చూడండి. కారణమే మారిపోయి, ఆ కారణం మన రెస్పాన్సే అయితే సెకండరీ.

అపోహ: రెసిడ్యువల్ రిస్క్ మిగిలిందంటే ప్లాన్ సరిగ్గా వేయలేదని.

వాస్తవం: రిస్క్‌ను తగ్గించే మార్గం ఎంచుకుంటే సాధారణంగా ఎంతో కొంత మిగులుతుంది. తెలిసే ఒప్పుకుని వదిలేసిన రిస్కులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. చూడాల్సింది ఏమిటంటే, మిగిలింది, కొత్తగా పుట్టింది, పెట్టిన ఖర్చు మూడూ కలిపినా మొదటి రిస్క్ కంటే తక్కువేనా అని.

మన గోదాం లెక్క వేద్దాం. మొదటి రిస్క్: 20 రోజులకు 3,00,000 నష్టం, అందులో 60 శాతం అంటే 1,80,000. బ్లాస్టింగ్ తర్వాత మిగిలింది: ఆరు రోజులకు 90,000, అవకాశం 20 శాతం, అంటే 18,000. గోడల గొడవ వస్తే 4,00,000 నష్టం, అవకాశం 10 శాతం, అంటే 40,000. బ్లాస్టింగ్ ఖర్చు 60,000 కూడా కలిపితే మొత్తం 1,18,000. మొదటి 1,80,000 కంటే తక్కువ, కాబట్టి ఈ రెస్పాన్స్ పెట్టుకోవచ్చు. కానీ ఇళ్లు బాగా దగ్గరగా ఉండి గోడల రిస్క్ అవకాశం 30 శాతం అయితే ఆ ఒక్కటే 1,20,000 అవుతుంది, మొత్తం 1,98,000 అయి మొదటి 1,80,000 దాటింది. అప్పుడు బండను బ్రేకర్‌తో కొట్టుకోవడమే నయం. సెకండరీ రిస్క్‌ను లెక్కలో మర్చిపోయినవాళ్లకు ఈ తేడా కనపడదు. ఈ లెక్క మీద ప్రశ్నలు వచ్చినప్పుడు రెస్పాన్స్ ఖర్చు కలపడం కూడా చాలామంది మర్చిపోతారు.

అపోహ: ట్రిగ్గర్ అంటే రిస్క్‌కు కారణం.

వాస్తవం: కారణం ఎప్పటినుంచో నేలలో ఉంది, అది బండ. ట్రిగ్గర్ అంటే రిస్క్ జరగబోతోందని చెప్పే గుర్తు. "వరుసగా రెండు రోజులు రోజుకు రెండు గుంతలు పూర్తి కాకపోతే" అని ముందే రాసుకుంటే అది మిగిలిన బండ రిస్క్‌కు ట్రిగ్గర్. అది కనపడగానే ముందే మాట్లాడి పెట్టుకున్న బ్రేకర్‌ను పిలిపిస్తాం, అదే కంటింజెన్సీ ప్లాన్. గోడల రిస్క్‌కు వేరే ట్రిగ్గర్ కావాలి. ఇళ్ల దగ్గర కంపనం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదని హద్దు పెట్టుకున్నామనుకోండి. మీటర్ 4 చూపించగానే ఒక్కో పేలుడులో వాడే మందు తగ్గించాలని రాసుకుంటాం. గోడ నిజంగా పగిలాక అది ట్రిగ్గర్ కాదు, రిస్క్ కూడా కాదు. అది ఇష్యూ. "సీలింగ్ మీద కొత్త పగులు కనిపించింది, యజమాని పని ఆపించాడు" అని ప్రశ్న ఉంటే, ట్రిగ్గర్ అన్న ఆప్షన్‌ను వెంటనే కొట్టేయొచ్చు.

మంచి ట్రిగ్గర్‌ను ఇద్దరు వేర్వేరుగా చూసినా ఒకే జవాబు చెప్పగలగాలి. "పని నెమ్మదించినప్పుడు" అని రాస్తే సైట్ ఇంజనీర్‌కు ఒకలా, మేనేజర్‌కు ఇంకోలా కనపడుతుంది. ఇంత వివరంగా పరీక్షలో అడగరు కానీ సైట్లో ఇదే ముఖ్యం.

ఇక "మేనేజర్ ముందుగా ఏం చేయాలి" అనే ప్రశ్నలు. ఇలా ఒకటి అనుకుందాం: బ్లాస్టింగ్ ప్లాన్‌లో ఉంది, ఇంకా మొదలు కాలేదు. పక్క ఇళ్ల గోడలు దెబ్బతినొచ్చని టీమ్ సభ్యుడు చెప్పాడు. చాలామంది "కంటింజెన్సీ ప్లాన్ అమలు చేయాలి" అని పెడతారు. కానీ ఇక్కడ ఏదీ జరగలేదు, ఏ గుర్తూ కనపడలేదు. ఒక కొత్త సెకండరీ రిస్క్ తెలిసింది, అంతే. దాన్ని రిస్క్ రిజిస్టర్‌లో రాసి, తీవ్రత అంచనా వేసి, దానికీ రెస్పాన్స్ ఆలోచించాలి. ఇంటి గోడల ఫొటోలు ముందే తీసిపెట్టుకోవడం ఆ రెస్పాన్సుల్లో ఒకటి. అదే ప్రశ్నలో "రెండు రోజులుగా ఒక్కో గుంతే పూర్తయింది, రిజిస్టర్‌లో రాసుకున్న హద్దు దాటింది" అని ఉంటే జవాబు మారిపోతుంది. మళ్లీ విశ్లేషణకు కూర్చోకూడదు. ట్రిగ్గర్ కనపడింది కాబట్టి రిస్క్ ఓనర్ కంటింజెన్సీ ప్లాన్ అమలు చేయాలి. ఆ బ్రేకర్ వచ్చినా పని సాగలేదని మూడో వాక్యంలో ఉంటే ఫాల్‌బ్యాక్ ప్లాన్ అన్న ఆప్షన్ వెతకండి.