కొత్త రెస్టారెంట్‌కు లైసెన్సులు: రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

కొత్తగా రెస్టారెంట్ పెట్టేవాళ్లకు అనుమతుల పని చూసిపెట్టడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మొదట అడిగేది "మొత్తం ఎన్ని లైసెన్సులు కావాలి?" అని. ఆ లెక్క ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఎక్కడైనా ఒకేలా ఉండేది వాటి మధ్య చుట్టరికం. ఒక కాగితం చేతికొస్తే తప్ప ఇంకోటి కదలదు. ఒకదానిలో అంకె మారితే మరో మూడింటిలో మార్చాలి. ఈ సంగతి తెలియక అద్దె కడుతూ, తెరవలేక కూర్చున్నవాళ్లను చూస్తుంటే బాధగా ఉంటుంది.

అపోహ: ముందు మంచి చోటు చూసి లీజు రాసుకుందాం, లైసెన్సుల సంగతి తర్వాత.

వాస్తవం: మొదటి అనుమతి ఆ చోటుకే కావాలి. ఆ భవనంలో, ఆ అంతస్తులో రెస్టారెంట్ నడపవచ్చో లేదో స్థానిక ప్రణాళికా విభాగం దగ్గర ముందే తెలుసుకోవాలి. బట్టల షాపుగానో ఆఫీసుగానో అనుమతి ఉన్న చోట వంట మొదలుపెడితే, చాలా చోట్ల అది 'వినియోగ మార్పు' కిందకి వస్తుంది. దానికి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి.

లీజుకు ముందు నేను స్వయంగా వెళ్లి చూసేవి మూడు. వంట పొగను మోసుకెళ్లే గొట్టం, అంటే చిమ్నీ డక్ట్, బయటికి ఏ దారిన పోతుంది? వంటగది నీళ్లలోని జిడ్డును ఆపే గ్రీజ్ ట్రాప్ పెట్టడానికి చోటు, దానికి తగ్గ డ్రైనేజీ వాలు ఉన్నాయా? జనం బయటపడటానికి రెండో దారి ఉందా? వీటిలో డక్టే చాలామందిని ముంచుతుంది. అది పై అంతస్తుల మీదుగా డాబా పైకి పోవాలంటే యజమాని ఒప్పుకోవాలి, పైనున్నవాళ్లు అభ్యంతరం చెప్పకూడదు, ఫైర్ విభాగానికి ఆ దారి నచ్చాలి. అందుకే డక్ట్ దారిని లీజులోనే రాయించమంటాను. రెస్టారెంట్‌కు అనుమతి రాకపోతే లీజు రద్దు చేసుకోవచ్చనే షరతు కూడా ఉండాలి. యజమాని నోటిమాటగా "చూసుకుందాంలే" అంటే దాన్ని నమ్మి అడ్వాన్స్ ఇవ్వకండి.

అపోహ: ఇంతకుముందు ఇక్కడ రెస్టారెంటే నడిచింది, పాత లైసెన్సులే సరిపోతాయి.

వాస్తవం: ఆహార లైసెన్సు సాధారణంగా ఒక వ్యక్తికి లేదా సంస్థకు, ఒక ఫలానా చోటికి కలిపి ఇస్తారు. యజమాని మారితే చాలా చోట్ల కొత్తది తీసుకోవాల్సిందే. పైగా పాతాయన అనుమతి తీసుకున్న తర్వాత గోడ పడగొట్టో, ఇంకో పొయ్యి చేర్చో ఉండొచ్చు. కాగితం మీది వంటగది, కళ్లెదుట ఉన్న వంటగది ఒకటి కాకపోతే ఆ లోపం మీ తలకే చుట్టుకుంటుంది. అయినా పాతాయన దగ్గర అడిగి తీసుకోవాల్సినవి ఉన్నాయి. ఆమోదం పొందిన డ్రాయింగ్, భవన వినియోగ పత్రం, చివరి ఇన్‌స్పెక్షన్ రిపోర్టు. ఆ రిపోర్టులో రాసిన లోపాలు మీ పనుల జాబితాకు మంచి మొదలు.

అపోహ: ఫుడ్ లైసెన్సే ముఖ్యం, మిగతావి పేరుకే.

వాస్తవం: తెరవడాన్ని ఎక్కువగా ఆపేది ఫైర్ అనుమతి, భవన అనుమతి. ఈ రెండూ ఒకే అంకె చుట్టూ తిరుగుతాయి: లోపల ఎంతమంది పడతారు అనేది.

ఈ అంకెను కుర్చీలు లెక్కపెట్టి చెప్పేస్తారు చాలామంది. చాలా నిబంధనల్లో దాన్ని నేల వైశాల్యం నుంచి లెక్కగడతారు. బల్లలు, కుర్చీలు ఉన్న హాలులో ఒక్కో మనిషికి 1 నుంచి 1.5 చదరపు మీటర్ల వరకు, ఆ చోటి నియమాన్ని బట్టి తీసుకుంటారు. ఆ మొత్తం ఒక గీత దాటితే రెండో నిష్క్రమణ ద్వారం తప్పనిసరి అవుతుంది. ఆ గీత కొన్ని చోట్ల 50 దగ్గర, కొన్ని చోట్ల 60 దగ్గర ఉంటుంది.

నేను చూసిన ఒక కేసు చెబుతాను. ఇద్దరు స్నేహితులు కలిసి పెట్టారు. వాళ్ల హాలు 63 చదరపు మీటర్లు. అక్కడి నియమం మనిషికి 1.4, కాబట్టి 45 మంది. గీత 50 దగ్గర ఉంది, ఒకే ద్వారంతో డ్రాయింగ్ ఆమోదం పొందింది. పని సగంలో ఉండగా పక్కనున్న 18 చదరపు మీటర్ల వరండాను హాలులో కలిపేశారు. "అన్నా, నాలుగు బల్లలే కదా వేసింది" అన్నాడు వాళ్లలో చిన్నవాడు. కానీ నేల 81 చదరపు మీటర్లయింది, లెక్క 57 దాటింది. అధికారికి బల్లలతో పని లేదు, నేలతోనే పని.

ఆ ఒక్క మార్పుతో రెండో ద్వారం కావాల్సి వచ్చింది. టాయిలెట్ల సంఖ్య మళ్లీ లెక్కించాల్సి వచ్చింది. గ్రీజ్ ట్రాప్ సైజు సరిపోదన్నారు. ఫుడ్ లైసెన్సు దరఖాస్తుకు జతచేసిన డ్రాయింగ్ పాతదైపోయింది. చివరికి నా సలహా మీద వరండాకు మళ్లీ గోడ కట్టించి, దాన్ని సామాను గదిగా చూపించి, అలాగే వాడారు. అయినా 5 వారాలు పోయాయి. సామర్థ్యం అంకెను డ్రాయింగ్‌కు ముందే తేల్చుకోమని అప్పటినుంచి అందరికీ గట్టిగా చెబుతున్నాను.

అపోహ: అన్నిటికీ ఒకేసారి అప్లై చేస్తే టైమ్ కలిసొస్తుంది.

వాస్తవం: కొన్నిటికి కలిసొస్తుంది, కొన్ని తిరిగి వచ్చేస్తాయి. సంస్థ రిజిస్ట్రేషన్, పన్ను నంబరు, సైన్‌బోర్డు అనుమతి, సిబ్బంది ఆహార పరిశుభ్రత శిక్షణ లాంటివి పనులు జరుగుతుండగానే పక్కన నడిపించవచ్చు. మద్యం అమ్మేట్టయితే ఆ లైసెన్సు పనిని అన్నిటికంటే ముందే మొదలుపెట్టండి. చాలా చోట్ల బహిరంగ నోటీసు, అభ్యంతరాలకు గడువు ఉంటాయి. అది రాకపోయినా తెరవగలిగేలా ప్లాన్ వేసుకోవాలి. సంగీతం సంగతి కూడా ఒక మాట: సొంత వినికిడికి కట్టిన చందాతో కస్టమర్ల ముందు పాటలు వేయకూడదు, సాధారణంగా దానికి హక్కుల సంస్థల నుంచి వేరే లైసెన్సు తీసుకోవాలి.

వరసలో తప్ప కదలనివి వేరు. చోటు అనుమతి, దాని మీద డ్రాయింగ్ ఆమోదం, దాని మీద నిర్మాణం, తర్వాత గ్యాస్, కరెంటు భద్రతా పత్రాలు, ఫైర్ తనిఖీ, చివర్లో వంటగది తనిఖీ. వంటగది తనిఖీ చివర్లో ఎందుకంటే, ఇన్‌స్పెక్టర్ నడిచే స్థితిలో ఉన్న వంటగదిని చూడాలి. కుళాయిలో వేడినీళ్లు రావాలి. చేతులు కడిగే సింకు, గిన్నెలు తోమే సింకుకు వేరుగా ఉండాలి, పక్కన సబ్బు ఉండాలి. ఫ్రిజ్ లోపల 5 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ చూపించాలి. ఫ్రిజ్‌ను ఆ ఉదయమే ఆన్ చేస్తే అంత చల్లబడకపోవచ్చు, ముందు రోజే ఆన్ చేసి థర్మామీటర్ లోపల పెట్టండి. పాడైపోయే సరుకు మాత్రం తనిఖీ పాసయ్యాకే కొనండి.

తేదీలను నేను వెనక నుంచి లెక్కవేస్తాను. ఆ స్నేహితులకు రెండోసారి వేసిన క్యాలెండర్ ఇలా ఉంది. తెరిచే రోజుకు 1 వారం ముందు వంటగది తనిఖీ. 3 వారాల ముందు ఫైర్ తనిఖీ, ఎందుకంటే ఏదైనా లోపం రాస్తే మళ్లీ రావడానికి 2 వారాలు పట్టొచ్చని ఆ ఆఫీసులో చెప్పారు. 4 వారాల ముందు చిమ్నీ హుడ్‌లోని మంటలార్పే వ్యవస్థ పరీక్ష. దాన్ని పెట్టిన కంపెనీ ఇచ్చే పరీక్షా పత్రం లేకపోతే ఫైర్ ఇన్‌స్పెక్టర్ ముందుకు పోడు. ఈ పరీక్ష జరగాలంటే హుడ్ కింద పొయ్యిలు ఎక్కడ ఉంటాయో అక్కడే బిగించి ఉండాలి, గ్యాస్ వచ్చి ఉండాలి. అంటే పొయ్యిలు 5 వారాల ముందే దిగాలి. సప్లయర్ ఒక వారం ఆలస్యం చేస్తే అది పొయ్యిల దగ్గర ఆగదు, తెరిచే రోజు మీదికి వచ్చి పడుతుంది. క్యాలెండర్ చూశాక వాళ్లు ఆహ్వానాలు వేయించడం ఆపారు. తేదీ ప్రకటించాల్సింది ఫైర్ తనిఖీ పాసయ్యాకే అని నా గట్టి అభిప్రాయం.

అపోహ: అన్ని కాగితాలూ ఒక ఫైల్లో పెట్టుకుంటే చాలు.

వాస్తవం: ఫైల్ కంటే ముందు ఒకే ఒక పేజీ రాసుకోవాలి. దాంట్లో సంస్థ పేరు అక్షరం అక్షరం ఎలా రాయాలో, లీజులో ఉన్నట్టే చిరునామా, వైశాల్యం, సామర్థ్యం అంకె, ఆమోదం పొందిన డ్రాయింగ్ నంబరు, తేదీ ఉండాలి. ప్రతి దరఖాస్తునూ ఆ పేజీ చూసే నింపాలి. ఒక దాంట్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక రాశారనో, షాపు నంబరు వదిలేశారనో వెనక్కి వచ్చిన దరఖాస్తులు నా చేతుల్లోంచి ఎన్నో పోయాయి. అది చిన్న తప్పే, కానీ సరిదిద్ది పంపితే మళ్లీ క్యూ చివర్లో చేరతారు.

రెండోది ఒక పట్టిక. ఒక్కో అనుమతికి ఒక్కో వరస. ఇచ్చే ఆఫీసు, దానికి ముందు కావాల్సిన కాగితం, దరఖాస్తు నంబరు, తనిఖీ తేదీ, ఇన్‌స్పెక్టర్ రాసిన లోపాలు, గడువు ముగిసే తేదీ, రెన్యువల్ మొదలుపెట్టాల్సిన తేదీ, బాధ్యుడి పేరు. వీటిలో 'ముందు కావాల్సిన కాగితం' అనే గడి ఎక్కువ పనికొస్తుంది. అది నింపుతుంటేనే ఏది దేనికోసం ఆగిందో బయటపడుతుంది. స్కాన్ చేసిన కాపీలకు `03_FIRE_drawing_v2.pdf` లాంటి పేర్లు పెట్టండి. వరస నంబరు, విభాగం, కాగితం, ఎన్నో కూర్పు అన్నవి తెరవకుండానే తెలుస్తాయి. పాత కూర్పులను చెరపకుండా వేరే ఫోల్డర్‌లోకి మార్చండి. ఏ డ్రాయింగ్ మీద ఆమోదముద్ర పడిందో చూపించాల్సిన రోజు వస్తుంది.

తెరిచాక కూడా ఈ పట్టిక మూయకూడదు. ఫుడ్ లైసెన్సు గడువు ఒకటి, ఫైర్ పత్రం గడువు ఇంకొకటి. హుడ్‌లోని మంటలార్పే వ్యవస్థకు చాలా చోట్ల 6 నెలలకోసారి సర్వీసు చేయించాలి, డక్ట్‌లో పేరుకున్న జిడ్డు తీయించిన రసీదులూ ఉంచుకోవాలి. గోడకు తగిలించాల్సిన లైసెన్సులను తగిలించి, మిగతావాటి కాపీలు కౌంటర్ దగ్గర ఒక ఫోల్డర్‌లో పెట్టండి. యజమాని లేనప్పుడు ఇన్‌స్పెక్టర్ వస్తే దాన్ని తీసి చూపించే మనిషి ప్రతి షిఫ్టులో ఒకరు ఉండాలి. వాళ్ల పేర్లు కూడా ఆ పట్టికలోనే రాయండి.