ఎఫ్‌డీ మీద ఏడు శాతం: రిటైరైనవాళ్ల చేతికి నిజంగా ఎంత?

తార్నాకలో ట్యాక్స్ రిటర్నులు వేసే పని నాది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రిటైరైనవాళ్లే. ఎఫ్‌డీల గురించి వాళ్ల నోట తరచూ వినే మాటలు కొన్ని రాస్తున్నాను. లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, కొత్త పన్ను విధానం ప్రకారం వేసినవి.

అపోహ: "వడ్డీ ఏడు శాతం, ధరల పెరుగుదల ఐదు శాతం. రెండు శాతం మిగిలినట్టే కదండీ?"

వాస్తవం: మధ్యలో పన్ను ఉంది. ధరలు పెరిగి డబ్బు విలువ తగ్గిన సంగతి పన్ను లెక్కలోకి రాదు, వచ్చిన వడ్డీ మొత్తం మీదా పన్ను పడుతుంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయన్ని తీసుకుందాం. నెలకు పెన్షన్ 1,15,000. బ్యాంకులో 30 లక్షల ఎఫ్‌డీ, ఏడు శాతం వడ్డీ. మూడు నెలలకోసారి 52,500 చొప్పున ఏడాదికి 2,10,000 ఖాతాలో పడుతుంది. పెన్షన్‌లో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేసి వడ్డీ కలిపితే ఆదాయం 15,15,000. అంటే వడ్డీ అంతా 15 శాతం స్లాబులోనే ఉంది. సెస్సుతో కలిపి ఆ వడ్డీ మీద పన్ను 32,760. చేతిలో మిగిలేది 1,77,240.

ఇప్పుడు ధరల సంగతి చూద్దాం. ఏడాదిలో ధరలు ఐదు శాతం పెరిగితే, ఆ 30 లక్షలకు ఇవాళున్న విలువ నిలవడానికే 1,50,000 తిరిగి అసలులో కలపాలి. అది పోతే మిగిలేది 27,240. నెలకు 2,270 రూపాయలు. 30 లక్షల మీద నిజమైన రాబడి ఒక శాతం కూడా లేదు. ధరలు ఆరు శాతం పెరిగితే ఆ కాస్తా పోయి, లెక్క మైనస్‌లోకి జారుతుంది.

అదే ఎఫ్‌డీ నెలకు 60,000 పెన్షన్ వచ్చే పక్కింటాయనకు ఉంటే కథ వేరు. ఆయన ఆదాయం 8,55,000. పన్నెండు లక్షల లోపు కాబట్టి రిబేటు వల్ల పన్ను సున్నా. అసలు విలువ నిలబెట్టుకున్నాక కూడా ఆయనకు 60,000 మిగులుతుంది. ఒకే బ్యాంకు, ఒకే వడ్డీ రేటు, కానీ మిగులు రెండింతలకు పైనే. అందుకే పక్కవాళ్లకు ఎంత వస్తోందో చూసి మన రాబడి అంచనా వేసుకోకూడదు.

పన్నెండు లక్షల గీత దగ్గర ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆదాయం సరిగ్గా 12,00,000 ఉన్నవారికి ఇంకో 50,000 వడ్డీ వస్తే, పన్ను 52,000 కట్టాలి. వచ్చిన వడ్డీ అంతా పోయి, సెస్సు కింద రెండు వేలు జేబులోంచి పోతాయి. కొత్త ఎఫ్‌డీ వేసేముందు ఈ ఒక్క లెక్క వేసుకోండి.

అపోహ: "బ్యాంకువాళ్లు టీడీఎస్ కట్ చేశారు, ట్యాక్స్ అయిపోయింది."

వాస్తవం: సీనియర్ సిటిజన్లకు ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ లక్ష దాటితే పది శాతం కట్ చేస్తారు. పై పెద్దాయనకు పోయింది 21,000, కట్టాల్సింది 32,760. మిగతా 11,760 రిటర్ను వేసేటప్పుడు కట్టాలి. పక్కింటాయనకు పన్నే లేదు కాబట్టి టీడీఎస్ కట్ చేయొద్దని ఏడాది మొదట్లోనే బ్యాంకుకు ఫారం, 2025-26లో అయితే 15హెచ్, ఇస్తే సరిపోతుంది. ఇవ్వకపోతే రిటర్ను వేసి రీఫండ్ తెచ్చుకోవాలి.

అపోహ: "ఇప్పుడు ద్రవ్యోల్బణం బాగా తగ్గిందట, ఇక టెన్షన్ లేదు."

వాస్తవం: 2025 అక్టోబర్‌లో రిటైల్ ద్రవ్యోల్బణం 0.25 శాతానికి పడిపోయిన మాట నిజమే. కానీ దానికి ముఖ్య కారణం కూరగాయల్లాంటి ఆహార ధరలు తగ్గడం. అప్పటి సూచీలో ఆహార పానీయాల వాటా దాదాపు 46 శాతం, వైద్యం వాటా ఆరు శాతమే. డెబ్బై దాటిన దంపతుల ఇంట్లో ఖర్చు ఇలా ఉండదు. పైగా ఎఫ్‌డీ ఐదేళ్లకు వేస్తాం, ఒక నెల అంకెతో ఐదేళ్లు లెక్కకట్టలేం. ఏడాది సగటు 2022-23లో 6.7, 2023-24లో 5.4, 2024-25లో 4.6 శాతం. నేను ఐదు తీసుకున్నది అందుకే.

మీ ఇంటి అంకె కావాలంటే పోయినేడాదివీ ఈ ఏడాదివీ బ్యాంకు స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టుకోండి. మందుల షాపు, హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, పనిమనిషి జీతం, కిరాణా, ఇలా ఏటా తప్పని ఖర్చులు మాత్రమే కూడండి. పెళ్లిళ్లు, ఆపరేషన్లు కలపకండి. ఎంత శాతం పెరిగిందో అదే మీ ద్రవ్యోల్బణం.

అపోహ: "భద్రంగా ఉండాలంటే ఎఫ్‌డీ తప్ప వేరే దారి లేదు."

వాస్తవం: సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ కేంద్ర ప్రభుత్వానిది, 2025-26లో వడ్డీ 8.2 శాతం. ఒకరు 30 లక్షల దాకా వేయొచ్చు. దీని వడ్డీ మీదా పన్ను ఉంది. అయినా మన పెద్దాయన 30 లక్షలూ ఇందులో వేసి ఉంటే, పన్ను, అసలు నిలబెట్టుకునే 1,50,000 పోను 57,624 మిగిలేది. గడువు ఐదేళ్లు, ముందే తీస్తే కొంత కోత ఉంటుంది. కాబట్టి చేతి ఖర్చులకు, ఆసుపత్రికి కావాల్సింది ఎఫ్‌డీలోనే ఉంచి, మిగతాది ఎఫ్‌డీ గడువు తీరినప్పుడల్లా ఇందులోకి మార్చుకోండి. ఆటో రెన్యువల్ పెట్టి ఉంటే మాత్రం ఆ తేదీ రాకముందే బ్యాంకుకు వెళ్లి తీయించేయండి.