మిర్చి రైతు లెక్కల్లో నాలుగు అపోహలు

పల్నాడులో మిర్చి రైతుల జమాఖర్చులు చూడటం నా పని. ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక దృశ్యం ఎదురవుతుంది. రైతు ప్లాస్టిక్ కవరు తెరిచి ఎరువుల కొట్టు చీటీలు, కూలీల లెక్క రాసిన నోటు పుస్తకం, కోల్డ్ స్టోరేజీ బాండు, బ్యాంకు పాస్‌బుక్కు బల్ల మీద పెడతాడు. "అన్నా, ఈ ఏడు మునిగాను" అంటాడు. లెక్క వేస్తే ఒక్కోసారి మునగలేదని తేలుతుంది. ఒక్కోసారి లాభం అనుకుని వచ్చినవాళ్లకే నష్టం కనిపిస్తుంది. ఒక రైతు లెక్కనే తీసుకుని చెబుతాను. అంకెలు సులువుగా ఉండేలా సర్దాను.

రెండెకరాల కౌలు పొలం. నారు 30 వేలు, దుక్కి 20 వేలు, ఎరువులు, మందులు లక్షన్నర, కోత కూలీలు లక్షా 20 వేలు, కౌలు 80 వేలు, గోతాలు, కల్లం పనులు, రవాణా 20 వేలు. మొత్తం 4,20,000. ఇందులో బ్యాంకు పంట రుణం లక్షన్నర, బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది లక్ష, ఎరువుల కొట్టులో అరువు 80 వేలు. మిగతా 90 వేలు సొంత డబ్బు. దిగుబడి 40 క్వింటాళ్లు, అందులో 6 క్వింటాళ్లు తాలు.

అపోహ: చేతికొచ్చిన డబ్బులోంచి పోయిన డబ్బు తీసేస్తే మిగిలేదే లాభం.

మార్చిలో ఇతను 14 క్వింటాళ్లు 13 వేల చొప్పున, తాలు 6 వేల చొప్పున అమ్మాడు. వచ్చింది 2,18,000. పెట్టుబడి 4,20,000, దాని మీద బ్యాంకుకు కట్టిన లక్షన్నర. అన్నీ కలిపి మూడున్నర లక్షల నష్టం అని రాసుకున్నాడు.

ఇందులో రెండు తప్పులున్నాయి. ఆ లక్షన్నరతో కొన్న ఎరువులు, ఇచ్చిన కూలి అప్పటికే పెట్టుబడిలో ఉన్నాయి. అసలు తీర్చినప్పుడు మళ్లీ ఖర్చు రాస్తే ఒకే రూపాయిని రెండుసార్లు లెక్కేసినట్టు. అప్పు తెచ్చిన రోజు అది ఆదాయం కాదు, తీర్చిన రోజు ఖర్చూ కాదు. వడ్డీ ఒక్కటే ఖర్చు.

రెండో తప్పు, కోల్డ్ స్టోరేజీలో ఉన్న 20 క్వింటాళ్లకు విలువే రాయకపోవడం. పెట్టుబడి మొత్తం 40 క్వింటాళ్ల మీద పెట్టి, ఆదాయం సగం సరుకుకే రాస్తే ఏ పంటైనా నష్టంలోనే కనిపిస్తుంది. నేను ఇలా వేస్తాను. తాలు మీద వచ్చిన 36 వేలు పెట్టుబడిలో తగ్గిస్తే 3,84,000. దాన్ని 34 క్వింటాళ్ల మంచి కాయకు పంచితే క్వింటాకు 11,294 పడింది. నిల్వ సరుకును ఆ ఖర్చు ధరకే రాయాలి. మార్కెట్ రేటు అంతకన్నా పడిపోతే ఆ తక్కువ రేటుకే రాయాలి. రేటు పెరిగిందని పెంచి రాసుకుంటే అమ్మని సరుకు మీద లాభం చూపించుకున్నట్టు. ఇలా చూస్తే అమ్మిన 14 క్వింటాళ్ల మీద దాదాపు 24 వేలు మిగిలింది. అయితే మార్చి వరకు వడ్డీలు 18 వేలు ఉన్నాయి. వాటిని 34 క్వింటాళ్లకు పంచితే క్వింటాకు ఇంకో 529.

ఈ క్వింటా ఖర్చు తెలిసి ఉండటం ఎంత అవసరమో 2025 ఫిబ్రవరిలో చూశాం. రేట్లు పడినప్పుడు కేంద్రం ఆంధ్రప్రదేశ్ మిర్చికి మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 ప్రకటించింది. ఈ రైతుకు వడ్డీతో కలిపి పడిన ఖర్చు 11,823. ఆ ధరకు ఇచ్చినా, ఇంటిల్లిపాదీ పొలంలో పడిన కష్టానికి ఒక్క రూపాయి రాయకుండానే, 42 రూపాయలు తక్కువ.

అపోహ: సరుకు ఆపి, రేటు పెరిగాక అమ్మితే లాభమే.

అందరూ ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. నిల్వ పెట్టిన రోజు రేటు 12,500. అంటే 20 క్వింటాళ్ల విలువ రెండున్నర లక్షలు. ఏడు నెలలాగి 13,500కి అమ్మి, క్వింటాకు వెయ్యి కలిసొచ్చిందని సంతోషపడ్డాడు. ఆగడానికి ఎంత ఖర్చయిందో ఎవరూ రాయలేదు.

నలభై కిలోల లెక్కన 50 బస్తాలు. కోల్డ్ స్టోరేజీ అద్దె సీజనుకు బస్తాకు 200, అంటే 10 వేలు. హమాలీ 1,500. బయటి లక్ష అప్పు తీర్చకుండా ఉంచినందుకు ఏడు నెలల వడ్డీ 14 వేలు. మొత్తం 25,500. పైగా లోపల పెట్టినది 20 క్వింటాళ్లయితే కాటా మీద తేలింది 19.6. మార్కెట్ యార్డులో సరుకు డబ్బులోంచి పట్టుకునే కోతలు ఎప్పుడు అమ్మినా ఉంటాయి కనుక వాటిని ఇక్కడ కలపలేదు.

రెండున్నర లక్షలకు 25,500 కలిపి 19.6తో భాగించండి. 14,056 వస్తుంది. అంటే అక్టోబరులో 14,056 పలికితే మార్చిలో 12,500కి అమ్మినదానితో సమానం, అంతే. ఇతనికి వచ్చింది 2,64,600. ఆగినందుకు 10,900 పోయింది. రేటు పెరిగినా పోయింది.

నిల్వే వద్దని నేను అనను. బాండు తీసుకున్న రోజే దాని వెనక ఈ 'సమాన రేటు' పెన్సిలుతో రాసి పెట్టమంటాను. నెల గడిచేకొద్దీ అది పెరుగుతుంది. వడ్డీ ఒక్కటే ఇతనికి నెలకు క్వింటాకు 100 రూపాయలు కలుపుతోంది. అప్పు లేని రైతుకు ఆ వంద లేదు. పక్కపక్క బస్తాలే అయినా ఇద్దరూ ఒకే రేటు కోసం ఎదురుచూడకూడదు.

అపోహ: ముందు బ్యాంకు అప్పు తీర్చాలి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

ఇతను మార్చిలో వచ్చిన డబ్బుతో బ్యాంకు లక్షన్నర వడ్డీతో సహా కట్టి, మిగిలింది ఎరువుల కొట్టుకు ఇచ్చాడు. బ్యాంకు గడువు జూన్ వరకు ఉంది. మూడు లక్షల లోపు పంట రుణానికి 7 శాతం వడ్డీ. గడువులోపు కడితే 3 శాతం రాయితీ వచ్చి 4 శాతమే పడుతుంది. అంటే లక్షకు నెలకు 333 రూపాయలు. బయటి లక్షకు నెలకు 2 వేలు. ముందు తీర్చాల్సింది బయటి అప్పు, తర్వాత కొట్టు అరువు, బ్యాంకుది గడువుకు ముందు. గడువు మాత్రం దాటకూడదు, ఆ రాయితీ పోతుంది.

మార్చిలోనే 20 క్వింటాళ్లలో 11 అమ్మి ఉంటే 1,37,500 వచ్చేది. మొత్తం 3,55,500తో మూడు అప్పులూ వడ్డీతో సహా తీరిపోయేవి. మిగిలిన 9 క్వింటాళ్లకు అద్దె, హమాలీ, తరుగు తప్ప వేరే భారం ఉండేది కాదు.

రెన్యువల్ గురించి కూడా ఒక మాట. పది రోజులకు బయట డబ్బు తెచ్చి బ్యాంకులో కట్టి, తిరిగి అదే రుణం తీసుకోవడాన్ని చాలామంది 'అప్పు తీరింది' అని రాసుకుంటారు. రాయితీ నిలిచింది, అది నిజమే. బాకీ మాత్రం అలాగే ఉంది. లక్షన్నరను పది రోజులు తిప్పినందుకు పడిన వెయ్యి రూపాయల వడ్డీని ఖర్చులో రాయాలి. అది ఏ పుస్తకంలోనూ కనిపించదు.

అపోహ: ఉగాదికో మార్చి 31కో లెక్క ముగించాలి.

మిర్చికి నారు పోసేది జూలై, ఆగస్టుల్లో, చివరి కోత ఏప్రిల్‌లో. నిల్వ సరుకు అమ్మేసరికి తర్వాతి పంట పొలంలో ఉంటుంది. అక్టోబరులో వచ్చిన 2,64,600 పాత పంటది. ఆ నెల కొట్టిన మందు కొత్త పంటది. రెండూ ఒకే పేజీలో పడితే కొత్త పంట లాభాల్లో ఉన్నట్టు కనబడి, దాని మీద కొత్త అప్పు తెస్తారు.

అందుకే పేజీ పైన తేదీ కాదు, పంట పేరు రాయిస్తాను. అరువు తెచ్చిన మందును డబ్బు కట్టిన రోజు కాకుండా కొట్టిన పంట కింద, చీటీలో ఉన్న అరువు ధరకే ఎక్కిస్తాం. పక్క పేజీలో అప్పులు, ఇంకో పేజీలో బస్తాలు: లోపల ఎన్ని, బయటికి ఎన్ని, కాటాలో ఎంత. చివరి బస్తా అమ్మి బాండు తిరిగి ఇచ్చేసిన రోజున ఆ పంట పేజీ కింద గీత గీస్తాం.