9:3:3:1 కుదరనప్పుడు: స్వీట్ పీ లెక్క వెనక కథ

నల్లగొండ, మహబూబ్‌నగర్ డిగ్రీ కాలేజీల్లో జెనెటిక్స్ ప్రాక్టికల్ నడిచే రోజుల్లో ఒక టెన్షన్ తప్పకుండా కనిపిస్తుంది. రెండు లక్షణాలను ఒకేసారి చూసే ద్విసంకర సంకరణంలో రెండో తరం గింజలనో మొక్కలనో నాలుగు రకాలుగా వేరు చేసి లెక్కపెట్టాలి. పుస్తకం 9:3:3:1 రావాలంటుంది. చేతిలో ఉన్న అంకెలు అలా రావు. రికార్డు దిద్దించుకునే తొందరలో కొందరు పిల్లలు ఇక్కడ నాలుగు తగ్గించి, అక్కడ మూడు పెంచి సరిచేస్తారు. ఈ అలవాటు నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. అలా కుదరని అంకెల్లోంచే జన్యుశాస్త్రంలో ఒక పెద్ద సంగతి బయటపడింది. వాటిని ఎవరో సరిచేసి రాసుకుని ఉంటే అది అప్పుడు దొరికేది కాదు.

ముందు కుదిరిన లెక్క చూద్దాం. మెండెల్ 1866లో అచ్చువేసిన వ్యాసంలో గుండ్రని పసుపు గింజల బఠాణీని ముడతల ఆకుపచ్చ గింజల బఠాణీతో సంకరం చేసిన ప్రయోగం ఉంది. మొదటి తరంలోని 15 మొక్కల నుంచి 556 గింజలు వచ్చాయి. గుండ్రని పసుపు 315, ముడతల పసుపు 101, గుండ్రని ఆకుపచ్చ 108, ముడతల ఆకుపచ్చ 32. 556ను పదహారు భాగాలు చేసి 9:3:3:1గా పంచితే 312.75, 104.25, 104.25, 34.75 రావాలి. ఏ వర్గమూ అచ్చంగా కుదరలేదు, అయినా తేడాలు చిన్నవే. అవి ఎంత చిన్నవో కొలిచే సాధనం మెండెల్ దగ్గర లేదు. దాన్ని 1900లో కార్ల్ పియర్సన్ ఇచ్చాడు.

```
χ² = Σ (O − E)² / E
```

O అంటే మనం లెక్కపెట్టిన సంఖ్య, E అంటే రావాల్సిన సంఖ్య. ప్రతి వర్గంలో తేడాను దానితోనే గుణించి, రావాల్సిన సంఖ్యతో భాగించి, నాలుగింటినీ కూడాలి. మెండెల్ అంకెలకు ఈ కై స్క్వేర్ 0.47 వస్తుంది. నాలుగు వర్గాలు, మొత్తం ముందే తెలుసు కాబట్టి స్వేచ్ఛగా మారగల అంకెలు, అంటే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం, మూడు. దానికి 5 శాతం హద్దు 7.815. నిజంగా 9:3:3:1 నడుస్తున్నా కేవలం అదృష్టం వల్ల ఇంతకన్నా పెద్ద విలువ నూటికి ఐదుసార్లు వస్తుంది. 0.47 ఆ హద్దుకు చాలా దిగువన ఉంది.

ఇక అసలు కథ స్వీట్ పీది. ఇది తినే బఠాణీ కాదు, సువాసన పూల కోసం పెంచే తీగ. 1905 ప్రాంతంలో కేంబ్రిడ్జ్‌లో విలియం బేట్సన్, ఎడిత్ సాండర్స్, రెజినాల్డ్ పన్నెట్ దీని మీద పనిచేశారు. ఊదా పూలు, పొడవాటి పుప్పొడి రేణువులు ఉన్న మొక్కను ఎర్ర పూలు, గుండ్రని పుప్పొడి ఉన్న మొక్కతో సంకరం చేశారు. మొదటి తరమంతా ఊదా పూలే, పొడవు పుప్పొడే. రెండో తరంలో 381 మొక్కలు వచ్చాయి. ఊదా పొడవు 284, ఊదా గుండ్రం 21, ఎరుపు పొడవు 21, ఎరుపు గుండ్రం 55.

రావాల్సినవి సుమారు 214.3, 71.4, 71.4, 23.8. నాలుగు వర్గాలూ 22.7, 35.6, 35.6, 40.8 చొప్పున కలిపి కై స్క్వేర్‌ను 134.7 దాకా తెస్తాయి. హద్దు 7.815 మాత్రమే. ఇంత తేడాను చూడటానికి లెక్క కూడా అక్కర్లేదు. తల్లిదండ్రుల్లో ఉన్న రెండు జతలూ ఎక్కువ వచ్చాయి, కొత్త జతలు రెండూ బాగా తగ్గాయి.

చాలా రికార్డులు ఇక్కడే ఆగిపోతాయి. 'కై స్క్వేర్ విలువ హద్దు దాటింది, కాబట్టి పరికల్పన తిరస్కరించాం' అని ఒక వాక్యం రాసి మూసేస్తారు. కానీ 9:3:3:1 అనేది ఒక్క నమ్మకం కాదు, మూడు నమ్మకాల కలయిక. పూల రంగు 3:1గా విడిపోవాలి. పుప్పొడి ఆకారం 3:1గా విడిపోవాలి. ఆ రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పంచుకోవాలి. ఏది విరిగిందో 134.7 ఒక్కటే చెప్పదు. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం మూడు ఉన్నాయి కాబట్టి దాన్ని మూడు ముక్కలు చేసి చూడొచ్చు.

మొదట రంగు ఒక్కటే తీసుకుందాం. ఊదా 305, ఎరుపు 76. రావాల్సినవి 285.75, 95.25. కై స్క్వేర్ 5.19. పుప్పొడి ఆకారానికీ అవే అంకెలు, 305, 76, కాబట్టి మళ్లీ 5.19. మూడో ముక్క, అంటే రెండు లక్షణాల మధ్య సంబంధానిది, ఈ సూత్రంతో వస్తుంది. ఇక్కడ a, b, c, d పై వరుసలోనే నాలుగు వర్గాలు, n మొత్తం.

```
χ² = (a − 3b − 3c + 9d)² / 9n
   = (284 − 63 − 63 + 495)² / (9 × 381)
   = 124.35
```

మూడూ కలిపితే మళ్లీ 134.7 వస్తుంది. తేడాలో దాదాపు మొత్తం మూడో ముక్కలోనే ఉంది. రంగు విడిపోవడంలోనో, ఆకారం విడిపోవడంలోనో పెద్ద గోల లేదు. రెండూ కలిసి నడుస్తున్నాయి, అదే అసలు విషయం.

అయితే 5.19 సంగతి దాచకూడదు. ఒక డిగ్రీ ఆఫ్ ఫ్రీడంకు హద్దు 3.84, దాన్ని ఇది దాటింది. అంటే 3:1 కూడా విరిగిందా? ఇలాంటి సరిహద్దు విలువ వస్తే వాదించి లాభం లేదు, ఇంకా మొక్కలు పెంచాలి. అదే సంకరం మీద పెద్ద లెక్క కూడా ఉంది, మొత్తం 6952 మొక్కలు: 4831, 390, 393, 1338. ఇందులో ఊదా 5221, ఎరుపు 1731. రావాల్సినవి 5214, 1738. కై స్క్వేర్ 0.04. పుప్పొడికి 0.08. చిన్న లెక్కలో కనిపించిన 3:1 అనుమానం పెద్ద లెక్కలో పోయింది. రెండు లక్షణాల మధ్య ముడి మాత్రం అలాగే నిలిచింది. నిజమైన తేడాకూ, అదృష్టపు తేడాకూ ఇదే గుర్తు. మొక్కలు పెరిగేకొద్దీ మొదటిది బలపడుతుంది, రెండోది కరిగిపోతుంది.

బేట్సన్ బృందం ఈ తేడాను పక్కన పడేయలేదు. దానికి 'కప్లింగ్' అని పేరు పెట్టి, లైంగిక కణాలైన సంయోగబీజాలు 1:1:1:1గా కాక 7:1:1:7గా తయారవుతున్నాయని లెక్కగట్టింది. అలా అయితే రెండో తరంలో 256కు 177, 15, 15, 49 చొప్పున రావాలి. 6952 మొక్కలకు అవి 4806.7, 407.3, 407.3, 1330.7. కై స్క్వేర్ సుమారు 1.4. ఏడు అనే అంకెను మొక్కల లెక్క చూసే ఎంచుకున్నారు కాబట్టి ఒక డిగ్రీ ఆఫ్ ఫ్రీడం తగ్గించి హద్దును 5.99గా తీసుకున్నా, చక్కగా కుదిరింది.

ఈ కథలో నన్ను ఎక్కువగా పట్టుకునే చోటు ఇదే. లెక్క కుదిరింది, దానికి బేట్సన్ చెప్పిన కారణం మాత్రం తప్పు. జన్యువులు విడిపోయిన తర్వాత కొన్ని రకాల కణాలు ఎక్కువసార్లు విభజన చెందుతాయని, అందుకే వాటి సంఖ్య పెరుగుతుందని ఆయన అనుకున్నాడు. 1911లో థామస్ హంట్ మోర్గాన్ పండు ఈగల పని ఆధారంగా వేరే వివరణ ఇచ్చాడు. రెండు జన్యువులు ఒకే క్రోమోజోమ్ మీద ఉంటే కలిసి వెళ్తాయి, క్రోమోజోమ్‌లు ముక్కలు మార్చుకున్నప్పుడే విడిపోతాయి. పదహారులో రెండు, అంటే 12.5 శాతం కొత్త జతలు అన్న అంకె రెండు వివరణల్లోనూ ఒకటే. అందుకే రెండో తరం మొక్కల మీద ఎంత కై స్క్వేర్ చేసినా బేట్సన్ ఒప్పా, మోర్గాన్ ఒప్పా తేలదు. పరీక్ష నిష్పత్తిని తూస్తుంది, కారణాన్ని తూయదు.

తేల్చింది వేరే రకం సాక్ష్యం. మోర్గాన్ శిష్యుడు ఆల్ఫ్రెడ్ స్టర్టెవాంట్ 1913లో ఈగల్లో అనేక జన్యువుల మధ్య శాతాలు తీసుకుని, వాటిని ఒకే గీత మీద వరుసగా పెట్టొచ్చని చూపించాడు. పక్కపక్క జన్యువుల దూరాలు కూడితే చివరి రెండింటి మధ్య దూరానికి దాదాపు సరిపోయేది. క్రోమోజోమ్ మీద వరుసగా ఉన్నాయంటేనే అది సహజం. బేట్సన్ చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. 1921 డిసెంబరులో అమెరికా వెళ్లి మోర్గాన్ ల్యాబ్ స్వయంగా చూశాక, టొరంటో సభలో తన వైఖరి మార్చుకున్నాడు. మన సిలబస్‌లో సహలగ్నత, అంటే లింకేజి, అని చదువుతున్నది ఇదే.

కై స్క్వేర్ వైపు కథలోనూ ఒక మలుపు ఉంది. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం ఎలా లెక్కపెట్టాలో పియర్సన్ పొరబడితే 1922లో రొనాల్డ్ ఫిషర్ సరిదిద్దాడు. ఆయనే 1936లో మెండెల్ ప్రయోగాలన్నీ కలిపి చూసి, మొత్తం కై స్క్వేర్ 41.6 అని తేల్చాడు, అదీ 84 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడంకు. అంత బాగా కుదరడం లక్షలో ఏడుసార్లకు మించి జరగదు. ఎవరో సహాయకుడు ఆశించిన ఫలితం వైపు లెక్క మొగ్గించి ఉండొచ్చని ఫిషర్ అనుమానం. దాని మీద వాదనలు ఇప్పటికీ ఉన్నాయి. అంకెలు దిద్దే పిల్లలకు చెప్పాల్సింది మాత్రం ఇందులో ఉంది. క్లాసులో నలభై రికార్డులూ 0.2, 0.3 చొప్పున వస్తే, ఆ నలభై విలువలే దిద్దుబాటు జరిగిందని చెప్పేస్తాయి.

మన దగ్గర ఈ పద్ధతిని ఆముదంలో వాడి చూడటం బాగుంటుంది. పాలమూరు, నల్లగొండ మెట్ట పొలాలకు అది పాత పంట, పాలెం పరిశోధన స్థానం దాని మీద ఏళ్లుగా పనిచేస్తోంది. ఎర్ర కాండం, ఆకుపచ్చ కాండం ఒక లక్షణం. కాయ మీద ముళ్లు ఉండటం, లేకపోవడం ఇంకొకటి. రెండో తరం 160 మొక్కలు వేస్తే నాలుగో వర్గానికి పది రావాలి. ఏ వర్గంలోనైనా రావాల్సింది ఐదు కన్నా తగ్గితే పరీక్ష మీద నమ్మకం పెట్టుకోలేం, కాబట్టి ఎనభైకి తక్కువ మొక్కలతో ఈ పని మొదలుపెట్టకూడదు.

ఇక్కడ 9:3:3:1 తప్పితే లింకేజి అని తొందరపడకూడదు. ఆముదం పుప్పొడి గాలికి ఎగిరి వస్తుంది. మొదటి తరం మొక్క గెలకు సంచి కట్టకపోతే పక్క చేనులోని ఎర్ర కాండం రకం పుప్పొడి పడి, రెండో తరంలో ఎరుపు 3:1 కన్నా పెరుగుతుంది. అప్పుడు కాండం రంగు ముక్క ముందుగా హద్దు దాటుతుంది. అరకొర ముళ్లున్న కాయను 'ముళ్లు లేవు' అని రాసుకుంటే ముళ్ల ముక్క చెడుతుంది. కాండం రంగు లేత మొక్కలోనే తెలుస్తుంది, ముళ్లు కాయ కాసేదాకా తెలియవు. ఆ మధ్యలో ఎండకో వడలు తెగులుకో పోయిన మొక్కలు రెండో లెక్కలోకి రావు. అందుకే మొలిచినప్పుడు కాండం రంగు లెక్క విడిగా రాసి పెట్టుకోవాలి. కాయ దశలో మిగిలిన మొక్కల్లో అదే నిష్పత్తి ఉందో లేదో పోల్చితే, ఒక రంగు మొక్కలే ఎక్కువగా చచ్చాయేమో తెలిసిపోతుంది.

రెండు విడి ముక్కలూ హద్దులోపలే ఉండి, మూడోది ఒక్కటే దాటితేనే లింకేజి మాట ఎత్తాలి. అది కూడా ఆఖరి మాట కాదు. రెండు జన్యువులు కలిసి ఒకే లక్షణాన్ని నడిపించే చోట రెండో తరం 9:7గానో, 9:3:4గానో వస్తుంది, అక్కడ వర్గాలే నాలుగు ఉండవు. నాలుగు వర్గాలూ ఉండి మూడో ముక్కే దాటినప్పుడు, మొదటి తరం మొక్కను ఆకుపచ్చ కాండం, ముళ్లు లేని కాయ ఉన్న రకంతో సంకరం చేయాలి. ఆ పరీక్షా సంకరణంలో ఒక్కో మొక్కా మొదటి తరం ఇచ్చిన ఒక్కో సంయోగబీజాన్ని నేరుగా చూపిస్తుంది. 1:1:1:1 వస్తే ముడి లేదు. పాత జతలు ఎక్కువై, కొత్తవి రెండూ ఇంచుమించు సమానంగా తగ్గితే, ఆ తగ్గిన వాటి శాతమే రెండు జన్యువుల మధ్య పునఃసంయోజనం.