హాస్టల్ ఫైర్ చెక్‌లిస్ట్‌లో ‘అవును’ అని రాస్తే ఎందుకు సరిపోదు

జూన్‌లో హాస్టళ్లు తెరిచే ముందు వార్డెన్ టేబుల్ మీదకి ఒక ఫైర్ సేఫ్టీ చెక్‌లిస్ట్ వస్తుంది. ఎగ్జిట్లు ఉన్నాయా, అవును. మంటలార్పే సిలిండర్లు ఉన్నాయా, అవును. కింద ప్రిన్సిపాల్ సంతకం, స్టాంపు, ఇక ఫైల్లోకి. మళ్లీ దాని మొహం చూసేది వచ్చే జూన్‌లోనే. ఈ ‘ఉన్నాయా’ అనే ప్రశ్నే అసలు గొడవ. అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే ఇరవై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

2001 మార్చిలో కెన్యాలోని క్యాంగులి సెకండరీ స్కూల్ హాస్టల్‌కి రాత్రిపూట ఎవరో పెట్రోలు పోసి నిప్పంటించారు. 67 మంది అబ్బాయిలు చనిపోయారు. గదికి రెండు తలుపులున్నాయి, కానీ ఒకదానికి తాళం వేసి ఉంది, కిటికీలకేమో ఇనుప చువ్వలు. అంటే ‘రెండు ఎగ్జిట్లు ఉన్నాయా’ అని ఆ సాయంత్రం ఎవరైనా అడిగుంటే జవాబు అవుననే వచ్చేది.

మన దగ్గర 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో అగ్నిప్రమాదంలో 94 మంది పిల్లలు చనిపోయారు. అది హాస్టల్ కాదు, బడి. మధ్యాహ్న భోజనం వండే చోట అంటుకున్న నిప్పు ఎండుటాకుల కప్పుకి పాకింది, పైనున్న పిల్లలు దిగడానికి ఇరుకు మెట్లు ఒక్కటే దారి. ఆ ఘటన తర్వాత వేసిన అవినాష్ మెహ్రోత్రా కేసులో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్‌లో తీర్పిచ్చింది: బడులన్నీ ఆరు నెలల్లో మంటలార్పే పరికరాలు పెట్టుకోవాలి, వాటిని వాడటం సిబ్బందికి నేర్పాలి, రాష్ట్రాల విద్యాశాఖ కార్యదర్శులు అమలు చేశామని అఫిడవిట్లు వేయాలి. తీర్పు మంచిదే. కానీ అఫిడవిట్ ఒకసారి వేసేది, ఎర్ర సిలిండర్ మాత్రం గోడ మీద ఏళ్ల తరబడి వేలాడుతుంది. దాంతో పెట్టామా లేదా అన్నదే లెక్కలోకి వచ్చింది, పనిచేస్తోందా అన్నది ఎవరి నెత్తినా పడలేదు.

కెన్యా వాళ్లు 2008లో తెచ్చిన స్కూళ్ల భద్రతా మాన్యువల్ ఈ విషయంలో ఒకడుగు ముందుకేసింది. తలుపులు బయటికి తెరుచుకోవాలి, పిల్లలు లోపలుండగా బయటి నుంచి తాళం వేయకూడదు, కిటికీలకు చువ్వలుండకూడదు అంటూనే, తాళంచెవులు ఎవరి దగ్గరుండాలో కూడా చెప్పింది. అయినా 2024 సెప్టెంబర్‌లో న్యేరీ జిల్లాలోని ఒక ప్రైమరీ స్కూల్ హాస్టల్లో 21 మంది చిన్నపిల్లలు కాలిపోయారు. నియమం పుస్తకంలో ఉంటే చాలదు, ఫలానా రాత్రి ఫలానా మనిషి వెళ్లి చూశాడా అన్నది వేరే సంగతి.

అందుకే చెక్‌లిస్ట్‌లో వరుస రాసే తీరే మారాలి. మన హాస్టళ్లలో, ముఖ్యంగా అమ్మాయిల హాస్టళ్లలో, రాత్రి పదికల్లా మెట్ల దగ్గర గ్రిల్‌కి తాళం పడుతుంది. దొంగల భయం నిజమే, తల్లిదండ్రులు అడిగేదీ అదే, కాదనలేం. ‘రెండో మెట్లదారి ఉందా’ అని రాస్తే పగలు చూసి టిక్కు పెట్టేస్తారు. దాని బదులు ఇలా రాయాలి: ‘రెండో అంతస్తు వెనక గ్రిల్, రాత్రి పదిన్నరకి, లైట్లు ఆపి, లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరిచి చూడాలి. చూడాల్సింది నైట్ వార్డెన్, ఆమె సెలవులో ఉంటే ఫలానా కేర్‌టేకర్. ప్రతి నెలా మొదటి సోమవారం.’ పక్కనే రెండు తేదీల గడులుండాలి, చూడాల్సిన తేదీకి ఒకటి, నిజంగా చూసిన తేదీకి ఒకటి. ఆ రెండూ ఏడాది పొడవునా ఒక్కరోజు తేడా లేకుండా, ఒకే ఇంకుతో, ఒకే చేతిరాతతో ఉన్నాయంటే ఇన్‌స్పెక్షన్ ముందురోజు రాత్రి కూర్చుని నింపారని అర్థం.

సిలిండర్ల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. పౌడర్ సిలిండర్‌కి గేజ్ ఉంటుంది, ముల్లు ఆకుపచ్చలో ఉందో లేదో కంటితో చూసి రాయొచ్చు. కరెంటు బోర్డుల దగ్గర పెట్టే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కి మామూలుగా గేజే ఉండదు, తూకం వేసి తెలుసుకోవాల్సిందే. సిలిండర్ మీద ఖాళీ బరువు, నిండు బరువు వేసి ఉంటాయి. 4.5 కిలోల గ్యాస్ పట్టే దాంట్లో పదో వంతు, అంటే 450 గ్రాములు తగ్గితే రీఫిల్‌కి పంపాలి. కాబట్టి ఆ వరుసలో ‘అవును’కి చోటే ఇవ్వకుండా, ‘ఈరోజు బరువు … కిలోలు’ అని ఖాళీ వదలాలి. అంకె రాయాలంటే మెస్‌లో బియ్యం తూచే కాటా దగ్గరికైనా దాన్ని మోసుకెళ్లక తప్పదు.

ఇక బాధ్యుల గడిలో ‘మేనేజ్‌మెంట్’ అని రాసే అలవాటు మానేయాలి, మేనేజ్‌మెంట్ రాత్రి పదిన్నరకి గ్రిల్ దగ్గరికి రాదు. హోదా, పేరు రెండూ రాయాలి. వార్డెన్ మధ్యలో మానేసి వెళ్లిపోతే కొత్తగా చేరినావిడ పేరు, ఆమె చేరిన తేదీతో సహా, ఆ వారంలోనే ఎక్కించాలి. లేకపోతే డిసెంబర్ నాటికి సగం వరుసలకు ఊళ్లో లేని మనుషులు బాధ్యులై ఉంటారు.