నీళ్ల పైపుకు ఎండదెబ్బ

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. మణికొండలో ఒక అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు. హాల్ గోడ మీద 1 మీటరు ఎత్తున కొట్టిన గీతని, నీళ్లు నింపి మట్టం చూసే పైపుతో అదే మట్టంలో బాల్కనీ గోడకి దింపుతున్నాం. వాన నీళ్లు లోపలికి రాకుండా బాల్కనీ టైల్స్ హాల్ కంటే 20 మిల్లీమీటర్లు కిందకి ఉండాలి. గీత తప్పితే ఆ తేడా కూడా తప్పుతుంది.

మేస్త్రీ పని తీరులో వంక పెట్టేదేమీ లేదు. పైపులో నీళ్లు బకెట్లోంచి లాగి నింపాడు. నడిచేటప్పుడు రెండు కొసలూ బొటనవేలితో మూశాడు, చూసేటప్పుడు రెండూ తెరిచాడు. ఒక కొస మూసి ఉంటే నీళ్లు కదలవు, అబద్ధపు మట్టం చూపిస్తాయి. నీళ్లు ఊగడం ఆగాక, నీళ్ల పైఅంచు వంపు అడుగు దగ్గర గీత కొట్టాడు.

కానీ పైపులో సగం హాల్ నీడలో, మిగతా సగం బాల్కనీ ఎండలో ఉంది. పట్టుకుంటే అటువైపు వేడిగా తగిలింది. "రెండు కొసలూ పక్కపక్కన పెట్టు అన్నా" అన్నాను. పెట్టాడు. వేడి కొసలో నీళ్లు దాదాపు 5 మిల్లీమీటర్లు పైకి నిలిచాయి.

"నీళ్లు కూడా మోసం చేస్తయా సార్?"

నీళ్లు పల్లమెరుగును గానీ, అసలు సరిచూసుకునేది బరువునే. 30 డిగ్రీల దగ్గర ఘనమీటరు నీళ్లు సుమారు 995.7 కిలోలు తూగితే, 45 డిగ్రీల దగ్గర 990.2 కిలోలే. వేడి నీళ్లు తేలిక కాబట్టి చల్లటి నీళ్ల బరువుకి సరితూగాలంటే వాటి నిలువు ఎక్కువ ఉండాలి. మీటరు నిలువుకి ఆ తేడా ఐదున్నర మిల్లీమీటర్లు. నేల మీద పడుకున్న పైపు ఎంత కాలినా నష్టం లేదు, నిలువుగా లేచిన భాగమే లెక్కలోకి వస్తుంది. ఆ గీతనే నమ్మి ఉంటే బాల్కనీ 20కి బదులు 15 మిల్లీమీటర్లే దిగేది.

గాలి బుడగదీ ఇదే కథ. నేల మీద ఆనిన పైపులో ఉంటే హాని లేదు. పైపు గుమ్మం ఎక్కి దిగే చోట చేరి, ఒకవైపు ఒక సెంటీమీటరు ఎక్కువ కిందకి దిగితే మాత్రం మట్టం సెంటీమీటరు తప్పుతుంది. అందుకే పైపును మధ్యలో పైకి లేవనీయకూడదు. పని మొదట్లోనూ చివర్లోనూ రెండు కొసలూ కలిపి చూడాలి.

మర్నాడు పొద్దున ఏడింటికి మళ్లీ దింపాం. దుర్బీనులోంచి మట్టం చూసే డంపీ లెవెల్‌తోనూ చూశాం. దాని దృష్టిరేఖ కాస్త వాలినా రెండు చోట్లా ఒకే తప్పు వచ్చి కొట్టుకుపోవాలని రెండు గీతలకీ సమాన దూరంలో నిలబెట్టాం. దానితో చదివే కొలత కర్ర, మామూలు స్టాఫ్ మీద గడులు 5 మిల్లీమీటర్లవి, మా తగాదానే అంత. కాబట్టి గీతల మీద స్టీలు స్కేలు నిలబెట్టి చదివాను. రెండు చోట్లా 212 మిల్లీమీటర్లు.

మేస్త్రీ నిన్నటి గీతని తాపీతో గీకేశాడు.