పంటి మీద లేని పొర: ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ వెనక ఉన్న 1988 నాటి ఊహ

ఊడిన పన్ను ఒకదాన్ని సీటీ స్కాన్ చేసి, స్లైస్‌లన్నిటినీ పేర్చి త్రీడీ బొమ్మ గీయిస్తే తరచూ ఒక వింత కనిపిస్తుంది. పైనున్న ఎనామెల్‌కి తెలుపు, లోపలి డెంటిన్‌కి గోధుమ రంగు ఇచ్చామనుకోండి. తెల్లగా రావాల్సిన పన్ను మొత్తం పల్చటి గోధుమ తొడుగు వేసుకుని వస్తుంది. నిజం పంటి మీద అలాంటి పొర ఉండదు. స్కానర్ సరిగానే పనిచేసినా, కోడ్‌లో బగ్ లేకపోయినా ఇది వస్తుంది. ఎందుకో తెలియాలంటే రంగులు వేసే పద్ధతి ఎలా పుట్టిందో చూడాలి.

సీటీ స్లైస్‌లో రంగులుండవు, సంఖ్యలే ఉంటాయి. వైద్యంలో వాడే హౌన్స్‌ఫీల్డ్ స్కేల్ మీద గాలి -1000, నీరు 0. కొవ్వు -100 దరిదాపుల్లో, కండరం 50 చుట్టుపక్కల, గట్టి ఎముక 1000, ఆ పైన. 1987లో జనరల్ ఎలక్ట్రిక్‌కి చెందిన లోరెన్సెన్, క్లైన్ ప్రకటించిన మార్చింగ్ క్యూబ్స్ పద్ధతి ఈ సంఖ్యల్లో ఒకదాన్ని హద్దుగా తీసుకుని, ఆ విలువ ఉన్నచోటల్లా త్రిభుజాలతో ఉపరితలం అల్లుతుంది. హద్దుకి ఇటైతే ఉంది, అటైతే లేదు. పల్చటి ఎముకలున్న చోట ఈ పట్టింపు వల్ల బొమ్మలో చిల్లులు పడేవి.

ఆ మరుసటి ఏడాదే రెండు పరిశోధన పత్రాలు వేరే దారి చూపించాయి. ఒకటి నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయం నుంచి మార్క్ లెవోయ్ రాసింది. రెండోది పిక్సార్‌లో పనిచేస్తున్న డ్రెబిన్, కార్పెంటర్, హన్రహాన్‌లది. ఉపరితలం ఎక్కడుందో ముందే తేల్చేయకుండా, ప్రతి సంఖ్యకూ ఒక రంగు, వెనకున్నదాన్ని ఎంత కప్పేస్తుందో చెప్పే ఒపాసిటీ ఇచ్చి, మొత్తం డేటాని సగం పారదర్శకమైన పదార్థంలా చూపించడం ఈ రెండింటి సారాంశం. సంఖ్య నుంచి రంగు, ఒపాసిటీలకి వెళ్లే ఆ పట్టికనే ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ అంటున్నాం.

లెవోయ్ మార్గం రే కాస్టింగ్. తెర మీది ప్రతి పిక్సెల్ నుంచి ఒక కిరణాన్ని డేటాలోకి పంపి, సమాన దూరాల్లో ఆగుతూ నమూనాలు తీసుకోవాలి. ఇప్పుడు చాలా ప్రోగ్రామ్‌లు ముందు నుంచి వెనక్కి ఇలా పోగుచేస్తాయి:

```
C += (1 - A) * a * c
A += (1 - A) * a
```

`c`, `a` అంటే ఆ నమూనాకి ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ ఇచ్చిన రంగు, ఒపాసిటీ. `C`, `A` అంతవరకు పోగైనవి. `A` ఒకటికి దగ్గరపడితే వెనకున్నదేదీ ఇక కనిపించదు కాబట్టి అక్కడితో ఆపేయొచ్చు.

అసలు సంగతి లెవోయ్ పత్రంలోని ఒక షరతులో ఉంది. ఆయన దాన్ని దాచకుండా రాశారు. కణజాలాలని సీటీ విలువల వరుసలో పేర్చితే, ప్రతిదీ ఆ వరుసలో తన పక్కనున్న వాటినే తాకాలి. గాలిని కొవ్వు, కొవ్వుని కండరం, కండరాన్ని ఎముక తాకుతాయన్నమాట. కాలూ చెయ్యీ వంటి చోట్ల ఇది చాలావరకు నిజమే. కానీ ఎనామెల్ నేరుగా గాలిని తాకుతుంది. వరుసలో మధ్యనున్న డెంటిన్‌ని దాటుకుని రెండు చివరలూ కలిసిపోతున్నాయి.

పంటి ఉదాహరణని అంకెల్లో చూద్దాం. లెక్క తేలికగా ఉండటానికి గాలి 0, డెంటిన్ 120, ఎనామెల్ 200 అనుకుందాం. స్కానర్ ఏ అంచునీ కత్తితో కోసినట్టు పట్టుకోలేదు, వోక్సెల్స్ అనే త్రీడీ డేటాలోని చిన్న చిన్న గడులు కొన్నిటి మేర పరుస్తుంది. అందుకని గాలిలోంచి ఎనామెల్‌లోకి వెళ్లే కిరణానికి 0, 10, 60, 125, 185, 200 అనే విలువలు ఎదురవుతాయి. మధ్యలో 125 ఉంది చూడండి. అది గాలి, ఎనామెల్ కలిసిన విలువ. అయితే సంఖ్యని మాత్రమే చూసే పట్టికకి అది డెంటిన్, వెంటనే గోధుమ రంగు వేసేస్తుంది. పంటి మీద మనకి కనిపించిన తొడుగు ఇదే.

అది దొంగ పొర అని పట్టుకోవడం కష్టమేం కాదు. వంపు ఎలా ఉన్నా, ఎనామెల్ ఎంత మందమున్నా, పొర మందం మాత్రం అంతటా ఒకే తీరుగా, వోక్సెల్ అటూ ఇటూగా ఉంటుంది. పైగా అసలు స్లైస్ తెరిచి చూస్తే అక్కడ అంచు మసకబారడం తప్ప వేరే పట్టీ ఏదీ ఉండదు.

చాలామంది ముందుగా చేసేది కిరణం మీద అడుగు దూరం తగ్గించడం. దాంతో పొర పోకపోగా ఒక్కోసారి ఇంకా చిక్కబడుతుంది. ఒక అడుగుకి ఒపాసిటీ 0.1 ఉందనుకోండి. అడుగుని సగం చేసి అదే 0.1 ఉంచితే, అంతే దూరంలో రెండు నమూనాలు పడి ఒపాసిటీ 0.19 అవుతుంది. అందుకే అడుగు మార్చినప్పుడల్లా `1 - (1 - a)^(d/d0)` అని సవరించాలి. ఇక్కడ `d0` పాత అడుగు, `d` కొత్తది. ఈ లెక్కన 0.1 కాస్తా 0.051 అవుతుంది. ఇది చిక్కదనాన్ని సరిచేస్తుందే గానీ దొంగ పొర జోలికి పోదు.

దొంగ పొరని విడదీసేది గ్రేడియెంట్, అంటే ఆ చోట విలువ ఎంత వేగంగా మారుతోందో చెప్పే కొలత. పక్క విలువల తేడాలో సగం తీసుకుంటే, పైన 125 దగ్గర అది (185 - 60)/2, అంటే 62.5. నిజమైన డెంటిన్ లోపల 118, 120, 121 లాంటి విలువలుంటాయి, అక్కడ గ్రేడియెంట్ 1.5 మాత్రమే. విలువ దాదాపు ఒకటే అయినా గ్రేడియెంట్లలో నలభై రెట్ల తేడా ఉంది.

లెవోయ్ కూడా గ్రేడియెంట్ వాడారు, కానీ మరో పనికి. కణజాలాల హద్దులు బాగా కనబడాలని ఒపాసిటీని దానితో గుణించారు. షరతు నెగ్గిన చోట బొమ్మ చక్కగా వస్తుంది. పంటి విషయంలో మాత్రం ఫలితం తిరగబడుతుంది. దొంగ పొర దగ్గరే గ్రేడియెంట్ ఎక్కువ కాబట్టి అదే అన్నిటికన్నా ముదురుగా వస్తుంది, అసలు డెంటిన్ మాయమవుతుంది. గ్రేడియెంట్ విలువైన సమాచారమని ఆయనకి తెలుసు. దాన్ని ఒక్కో పదార్థానికి ఒక్కోలా వాడుకునే వీలే ఆ పద్ధతిలో లేదు.

ఆ వీలు తర్వాతి పదేళ్లలో వచ్చింది. ఏ విలువ ఎన్ని వోక్సెల్స్‌లో ఉందో లెక్కగట్టే పటం హిస్టోగ్రామ్. 1998లో కిండ్‌మన్, డర్కిన్ విలువతో పాటు మొదటి డెరివేటివ్, అంటే గ్రేడియెంట్‌ని, అది ఎలా మారుతోందో చెప్పే రెండో డెరివేటివ్‌ని కూడా అందులోకి తెచ్చారు. విలువని అడ్డంగా, గ్రేడియెంట్‌ని నిలువుగా గీస్తే ప్రతి హద్దూ ఒక విల్లులా కనిపిస్తుంది. దాని రెండు కాళ్లూ ఆ హద్దుకి అటూ ఇటూ ఉన్న పదార్థాల విలువల మీద ఉంటాయి. గాలి-ఎనామెల్ విల్లు 0 నుంచి 200 దాకా ఎత్తుగా లేచి, 120 దగ్గర డెంటిన్ చుక్కకి చాలా పైనుంచి పోతుంది. 2001లో నిస్, కిండ్‌మన్, హాన్సెన్ ఈ తలం మీదే చేత్తో పెట్టెలు, త్రిభుజాలు గీసి రంగులు కేటాయించే పనిముట్లు తయారుచేశారు. 120 చుట్టూ, గ్రేడియెంట్ తక్కువున్న చోట మాత్రమే గోధుమ పెట్టె గీస్తే తొడుగు ఊడిపోతుంది. నా దృష్టిలో ఈ రంగంలో అసలైన మలుపు ఇదే, ఎందుకంటే ఊహ తప్పిన చోట ఏం చేయాలో వాడేవాడి చేతికి దొరికింది.

అయినా చిక్కులు మిగిలాయి. గ్రేడియెంట్ అంటే తేడా కాబట్టి స్కాన్‌లోని నాయిస్‌ని అది పెంచి చూపిస్తుంది, విల్లులు అలుక్కుపోతాయి. రెండు విల్లులు ఒకదాన్నొకటి ఖండించే చోట, ఆ చుక్క ఏ హద్దుదో విలువా గ్రేడియెంట్ కలిసి కూడా చెప్పలేవు. 2006లో షెరెడా బృందం దీనికి వేరే దారి పట్టింది. హద్దు మీదున్న ప్రతి వోక్సెల్ నుంచి గ్రేడియెంట్ వెంట రెండు వైపులా నడిచి, మార్పు ఆగిన చోట కింది విలువ, పై విలువ తీసుకుని, ఆ జంటనే హిస్టోగ్రామ్‌లో వేశారు. గాలి-ఎనామెల్ హద్దు (0, 200) దగ్గర, గాలి-డెంటిన్ హద్దు (0, 120) దగ్గర విడివిడి చుక్కలుగా చేరతాయి. ఒకటి రెండు వోక్సెల్స్ మందమే ఉన్న ఎముక గోడ దగ్గర మాత్రం ఇదీ తడబడుతుంది. అంత పల్చటి గోడలో విలువ తన అసలు ఎత్తుకి చేరకముందే దిగిపోతుంది కాబట్టి, పై విలువ ప్రతి చోటా ఒక్కోలా వచ్చి చుక్కలు చెదిరిపోతాయి. అలాంటి చోట పట్టిక మార్చి ప్రయోజనం లేదు, స్లైస్‌లని ఇంకా పల్చగా, ఇంకా స్పష్టంగా తీయాల్సిందే.